కూపన్ వాడినవాళ్లంతా కూపన్ వల్ల వచ్చినవాళ్లేనా?

మంగళగిరిలో ఒక చేనేత చీరల షాపు ఉందనుకుందాం. సొంత వెబ్‌సైట్ ఉంది, ఉగాదికి మూడు ప్రచారాలు పెట్టారు. ఒక యూట్యూబర్‌కి 15,000 రూపాయలిచ్చి వీడియో చేయించారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకొకరితో రీల్ వేయించారు, పాత కస్టమర్లకి వాట్సాప్‌లో మెసేజ్ పంపారు. ఆ వారం అమ్మకాలు పెరిగాయి. అందులో ఒక్క ఆర్డర్‌ని దగ్గరగా చూద్దాం. వరంగల్‌లో ఉండే ఒకావిడ మంగళవారం యూట్యూబ్ వీడియో చూసింది, నచ్చింది, లింక్ మాత్రం నొక్కలేదు. గురువారం వాళ్ల వదిన ఈ షాపు వాట్సాప్ మెసేజ్ ఫార్వర్డ్ చేసింది. అందులోని లింక్ నొక్కి నాలుగు చీరలు చూసి వదిలేసింది. శనివారం గూగుల్‌లో షాపు పేరు కొట్టి సైట్‌కి వచ్చి, వీడియోలో విన్న కోడ్ గుర్తుపెట్టుకుని టైప్ చేసి కొనేసింది.

ఈ ఆర్డర్ ఎవరి ఖాతాలో రాయాలి? కూపన్ రిపోర్ట్ యూట్యూబ్ అంటుంది. సైట్‌లోని ఆర్డర్ వివరాల్లో గూగుల్ అని ఉంటుంది. వాట్సాప్ లింక్ లెక్కలో కూడా ఆవిడ సందర్శన ఒకటి పడే ఉంటుంది. మూడూ నిజమే, కానీ ఒక్కోటి చెప్పేది ఒక్కో ముక్క. యజమాని మూడు రిపోర్టులూ తీసి కూడితే ఒక్క చీర మూడు చీరలవుతుంది. లింక్‌కీ కోడ్‌కీ దేని పని ఏమిటో విడదీసుకుంటే ఈ చిక్కు చాలావరకు వీడుతుంది.

ముందు లింక్ సంగతి. వెబ్‌సైట్ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి కొన్ని గుర్తులు తగిలిస్తాం. వీటిని యూటీఎం పారామీటర్లు అంటారు. అర్చిన్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పద్ధతి ఇది. 2005లో గూగుల్ ఆ కంపెనీని కొనేసింది. సైట్‌కి ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కగట్టే గూగుల్ అనలిటిక్స్ దాంట్లోంచే పుట్టింది, ఈ గుర్తులు మాత్రం ఆ పాత పేరుతోనే మిగిలిపోయాయి. మన షాపు యూట్యూబ్ లింక్ ఇలా ఉంటుంది:

```
https://example.com/ugadi?utm_source=youtube&utm_medium=influencer&utm_campaign=ugadi2026
```

`utm_source` అంటే ఎక్కడి నుంచి, `utm_medium` అంటే ఏ తరహా ప్రచారం, `utm_campaign` అంటే ఏ సందర్భం. ఈ మూడూ చాలు. ఒకే చోట రెండు వీడియోలుంటే వాటిని వేరుచేయడానికి `utm_content` కలుపుకోవచ్చు. ఈ గుర్తులు లేకపోతే ఏమవుతుందో వాట్సాప్‌లో బాగా తెలుస్తుంది. వాట్సాప్ యాప్‌లో లింక్ నొక్కి వచ్చిన మనిషి ఎక్కడి నుంచి వచ్చిందో బ్రౌజర్ సాధారణంగా చెప్పదు. రిపోర్ట్‌లో ఆ మనిషి `direct` కింద పడిపోతుంది, అంటే చిరునామా తనే టైప్ చేసి వచ్చినవాళ్లతో కలిసిపోతుంది. వాట్సాప్ మీద బతికే చిన్న వ్యాపారాల్లో `direct` వాటా బాగా పెద్దగా కనబడడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

పేర్లు పెట్టేటప్పుడు ఒక్క విషయం చూసుకోవాలి. గూగుల్ అనలిటిక్స్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం వేర్వేరు. ఒకరు `YouTube` అని, ఇంకొకరు `youtube` అని, మరొకరు `yt` అని రాస్తే మూడు వరసలొస్తాయి. అందుకే అన్నీ చిన్నక్షరాలే, మధ్యలో ఖాళీలు లేకుండా. తయారుచేసిన ప్రతి లింక్‌నీ ఒక గూగుల్ షీట్‌లో రాసుకుని, అందరూ అక్కడి నుంచే కాపీ చేసుకోవాలి. రిపోర్ట్ చూసేటప్పుడు చానెళ్ల పట్టిక ఒక్కటే నమ్ముకోకండి. మనం సొంతంగా పెట్టుకున్న `utm_medium` పేర్లలో కొన్ని దానికి అర్థంకాక `Unassigned` అనే గంపలో పడతాయి. `Session source / medium` పట్టిక తెరిస్తే మనం రాసిన పేర్లు మనం రాసినట్టే కనిపిస్తాయి.

అంత పొడుగు లింక్‌ని యూట్యూబర్‌కి ఇస్తే ఎక్కడో ఒక ముక్క తెగుతుంది. పాంప్లెట్ మీద క్యూఆర్ కోడ్‌గా వేస్తే గళ్లు మరీ చిన్నవైపోయి, నాసిరకం ప్రింట్‌లో స్కాన్ కాదు. దానికి మందు సొంత డొమైన్‌లోనే చిన్న దారి పెట్టుకోవడం. `example.com/rani` కొడితే పై లింక్‌కి వెళ్లేలా సెట్ చేయాలి. మీ సైట్ షాపిఫై మీద నడుస్తుంటే `URL redirects` అనే సదుపాయం ఉంది, వూకామర్స్ మీద నడుస్తుంటే రీడైరెక్ట్ ప్లగిన్ ఏదైనా సరిపోతుంది. సర్వర్‌లోనో ప్లగిన్‌లోనో రకం ఎంచుకునే వీలుంటే 301 కాకుండా 302 పెట్టండి. 301 అంటే ‘శాశ్వతంగా మారింది’ అని చెప్పినట్టు, బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. రేపు గమ్యం మార్చినా, ఒకసారి వచ్చి వెళ్లినవాళ్లు పాత చోటికే పోయే ప్రమాదం ఉంది.

పంపే ముందు లింక్‌ని మన ఫోన్‌లో, ఆ యాప్ లోపలే నొక్కి చూడాలి. పేజీ తెరుచుకున్నాక పైన చిరునామాలో `utm_source` ఇంకా ఉందా? కొన్ని సైట్లలో `www` లేని చిరునామా నుంచి ఉన్న చిరునామాకి మళ్లించేటప్పుడు ప్రశ్నార్థకం తర్వాతదంతా రాలిపోతుంది. పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వారం తర్వాత రిపోర్ట్‌లో యూట్యూబ్ పక్కన సున్నా చూసి, వీడియో దండగ అని తేల్చేస్తారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా లింక్‌కి చేతకాని పని ఒకటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కిన లింక్ ఆ యాప్‌లోని సొంత బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ చీర చూసి, రాత్రి తీరిగ్గా క్రోమ్‌లో మళ్లీ సైట్ తెరిస్తే, సైట్ లెక్కలో అది కొత్త మనిషి కిందే లెక్క. ఫోన్‌లో చూసి లాప్‌టాప్‌లో కొన్నా అంతే. పైగా చాలాచోట్ల నొక్కడానికి లింకే ఉండదు. ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్ కింద రాసిన లింక్ పనిచేయదు, స్టోరీలోనో బయోలోనో పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్ వివరణలోని లింకులు కూడా 2023 ఆగస్టు చివరి నుంచి పనిచేయడం మానేశాయి.

కూపన్ కోడ్ అవసరం ఇక్కడే పడుతుంది. కోడ్ మనిషి బుర్రలో ప్రయాణిస్తుంది. ఏ ఫోన్‌లో చూసినా, ఏ బ్రౌజర్‌లో కొన్నా, టైప్ చేసిన చోట తేలుతుంది. ఒక్కో ప్రచారానికి ఒక్కో కోడ్ ఇస్తే సరి అనిపిస్తుంది కానీ కోడ్ పేరు దగ్గరే మనవాళ్లకి ఒక తెలుగు తలనొప్పి ఉంది. మగ్గం అని ముచ్చటగా `MAGGAM10` పెట్టామనుకోండి. వీడియోలో ఆవిడ నోటితో చెబుతుంది. విన్నవాళ్లలో ఒకరు `MAGAM10` కొడతారు, ఒకరు `MAGGAMU10` కొడతారు. తార అని పెడితే `TARA`నో `THARA`నో ఎవరికీ తెలియదు. పని చేయని కోడ్‌ని రెండుసార్లు కొట్టి చూసి, ఊరుకుని కోడ్ లేకుండానే కొంటారు, లేదా కొనడమే మానేస్తారు. చెవితో వింటే ఒకే స్పెల్లింగ్ తట్టే మాట ఎంచుకోవాలి. మన షాపు యూట్యూబ్‌కి `RANI10`, ఇన్‌స్టాగ్రామ్‌కి `MALA10` పెట్టింది. వాట్సాప్‌లో కాపీ చేసుకుంటారు కాబట్టి అక్కడ ఏదైనా పర్వాలేదు, `NEMALI10` అనుకుందాం. `UGADI10` మాత్రం వద్దు. పండగ రోజుల్లో ఎవరైనా ఊరికే కొట్టి చూసే మొదటి కోడ్ అదే.

మూడింటికీ ఒకే తగ్గింపు ఉండాలి. యూట్యూబ్‌కి పదిహేను శాతం, వాట్సాప్‌కి పది శాతం ఇస్తే, వాట్సాప్‌లో వచ్చిన కస్టమర్ కూడా ఎవర్నో అడిగి యూట్యూబ్ కోడే పట్టుకొస్తుంది. అప్పుడు తెలిసేది ఏ ప్రచారం పనిచేసిందని కాదు, ఏ కోడ్ చవక అని. ఒక మనిషికి ఒకసారే అనే పరిమితి కూడా పెట్టండి. వూకామర్స్‌లో అది `Usage limit per user` దగ్గర ఉంటుంది. లాగిన్ లేకుండా కొనేవాళ్లని అది ఈమెయిల్‌ని బట్టి గుర్తుపడుతుంది, కాబట్టి ఇంకో ఈమెయిల్ ఇచ్చి రెండోసారి వాడేవాళ్లు ఉంటారు. ఆ కొద్దిమంది గురించి కంగారు అక్కర్లేదు.

కంగారు పడాల్సింది కోడ్ బయటికి పొక్కినప్పుడు. డబ్బు కట్టే పేజీలో ‘కూపన్ ఉందా?’ అని ఖాళీ పెట్టె కనబడితే, కొనడానికి సిద్ధపడ్డ మనిషి ఆగి, గూగుల్‌లో షాపు పేరు పక్కన కూపన్ అని కొట్టి వెతుకుతుంది. కూపన్లు పోగుచేసే ఏదో సైట్‌లో `RANI10` దొరుకుతుంది. వీడియో మొహం కూడా చూడని ఆ మనిషి యూట్యూబ్ ఖాతాలో చేరిపోతుంది. దీన్ని పసిగట్టడం కష్టమేం కాదు. నికరంగా వీడియో తెచ్చిన ఆర్డర్లు మొదటి కొద్దిరోజుల్లో ఎక్కువగా వచ్చి, వీడియో చూసేవాళ్లు తగ్గేకొద్దీ తగ్గుతాయి. చూసేవాళ్లు తగ్గిపోయినా కోడ్ వాడకం రోజూ ఒకే తీరున సాగుతోందంటే పొక్కిందన్నమాట. పెద్ద పెట్టె తీసేసి, నొక్కితేనే తెరుచుకునే చిన్న లైనుగా మారిస్తే ఈ వెతుకులాట తగ్గుతుంది. షాపిఫై వాడేవాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. లింక్‌లోనే కోడ్ పెట్టేయొచ్చు, నొక్కగానే తగ్గింపు దానంతటదే తగులుతుంది:

```
https://example.com/discount/RANI10?redirect=/collections/ugadi&utm_source=youtube
```

ఇక రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చదవడం. ఇది రిపోర్టుల్లో కాదు, ఆర్డర్ల జాబితాలోనే చేయాలి. వూకామర్స్ 2024 జనవరిలో వచ్చిన 8.5 వెర్షన్ నుంచి ప్రతి ఆర్డర్ పక్కన `Origin` అని చూపిస్తోంది. షాపిఫైలో ఆర్డర్ తెరిస్తే `Conversion summary` కనిపిస్తుంది. జాబితాని ఎక్సెల్‌లోకి దింపుకుని, ఒక్కో ఆర్డర్‌కి లింక్ ఏది, కోడ్ ఏది అని రెండు గడులు పెట్టుకుంటే చాలు.

మన షాపులో యూట్యూబ్ లింక్‌తో 15 ఆర్డర్లు, `RANI10` కోడ్‌తో 22 ఆర్డర్లు వచ్చాయనుకుందాం. కూడితే 37. కానీ రెండూ ఉన్న ఆర్డర్లు తొమ్మిది ఉన్నాయి, వాటిని రెండుసార్లు లెక్కపెట్టాం. అవి తీసేస్తే అసలు ఆర్డర్లు 28. ఈ 28లో లింక్ మాత్రమే ఉన్నవి ఆరు, కోడ్ మాత్రమే ఉన్నవి పదమూడు. లింక్ ఒక్కటే పెట్టుకుని ఉంటే ఆ పదమూడూ గూగుల్ ఖాతాలోనో `direct` ఖాతాలోనో పడి కనబడకుండా పోయేవి. వరంగల్ ఆవిడ ఈ పదమూడులో ఉంటుంది. అయితే పొక్కిన కోడ్ వాడినవాళ్లు కూడా దాక్కునేది ఈ పదమూడులోనే. అందుకని వాళ్ల ఫోన్ నంబర్లు పాత ఆర్డర్లతో పోల్చి చూడాలి. నలుగురు ఇంతకుముందే కొన్న పాత కస్టమర్లని తేలింది. మిగతావాళ్లందరూ కొత్తవాళ్లే. వీడియో ఉద్దేశం కొత్తవాళ్లని తేవడం కాబట్టి మిగిలింది 24.

ఇంకా అయిపోలేదు. ఆర్డర్ వేరు, డబ్బు వేరు. మన దగ్గర క్యాష్ ఆన్ డెలివరీ ఉన్నంతకాలం, పార్సిల్ గుమ్మం దాకా వెళ్లి తిరిగిరావడం మామూలే. అందుకే కూపన్ లెక్క ఆర్డర్ వచ్చిన రోజు చూడకూడదు, డెలివరీలు పూర్తయ్యాక చూడాలి. ప్రచారాన్ని బట్టి ఈ వాపసులు చాలా తేడాగా ఉంటాయి. రీల్ చూసి ఉబలాటంగా కొట్టిన ఆర్డర్లూ, వాట్సాప్‌లో అడిగి తెలుసుకుని కొట్టిన ఆర్డర్లూ ఒక తీరుగా నిలబడవు. మన 24లో నాలుగు తిరిగొచ్చాయి, ఇరవై మిగిలాయి. వీడియోకి ఇచ్చింది 15,000. అంటే ఒక్కో కొత్త కస్టమర్‌కి 750 రూపాయలు.

చీర సగటు ధర 2,400, ఖర్చులన్నీ పోను మిగిలేది 600, కూపన్ పది శాతం అంటే 240 పోతుంది, కాబట్టి చేతికొచ్చేది 360. ఇరవై మందీ కూపన్ వాడారని లెక్కేస్తే 7,200. కొందరు కోడ్ వాడలేదు గనుక ఇంకాస్త పెరుగుతుంది, తిరిగొచ్చిన పార్సిళ్ల కొరియర్ చార్జీలకి ఇంకాస్త తరుగుతుంది. ఎటు చూసినా పెట్టిన 15,000లో సగం దగ్గరే ఆగింది. వీడియో నష్టమని ఇప్పుడే కొట్టిపారేయనక్కర్లేదు. ఆ ఇరవై ఫోన్ నంబర్లని పక్కన రాసుకుని, దసరా, దీపావళి దాకా వాళ్లలో ఎందరు మళ్లీ కొన్నారో చూడాలి. కోడ్ చేసే అసలు ఉపకారం నా లెక్కలో ఇది: ఎవరెవరు ఏ దారిన వచ్చారో పేర్లతో సహా జాబితా మిగులుతుంది.

వాట్సాప్ దగ్గరికొస్తే కథ పూర్తిగా తిరగబడుతుంది. `NEMALI10` రిపోర్ట్ చూస్తే ఎప్పుడూ కళ్లు చెదిరేలా ఉంటుంది, ఖర్చు దాదాపు లేదు, ఆర్డర్లు బోలెడు. కానీ మెసేజ్ వెళ్లింది పాత కస్టమర్లకి. ఉగాదికి ఎలాగూ చీర కొనేవాళ్లు వాళ్లలో చాలామంది. మెసేజ్ చూసి, కోడ్ ఉంది కదా అని వాడుకుని కొన్నారు. లింక్ పడుతుంది, కోడ్ పడుతుంది, రెండూ వాట్సాప్ అనే చెబుతాయి, ప్రచారం తెచ్చింది మాత్రం వాళ్లని కాదు. ఎంత మంచి లింకైనా, ఎంత మంచి కోడైనా ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేదు. జవాబు కావాలంటే కొందరికి మెసేజ్ పంపకుండా ఉండాలి.

షాపు దగ్గర 1,200 పాత నంబర్లున్నాయి. ఫోన్ నంబర్ చివరి అంకె సరిసంఖ్య అయితే పంపారు, బేసి అయితే పంపలేదు. సగానికి సగం, 600 చొప్పున వచ్చాయనుకుందాం. ‘బాగా కొనేవాళ్లకి పంపుదాం, మిగతావాళ్లని ఆపుదాం’ అని ఎంచి పంపితే పరీక్ష చెడిపోతుంది. వాళ్లు ఎలాగూ కొంటారు, ఘనత మెసేజ్‌కి పోతుంది. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో పంపితే మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి మెసేజ్ చేరదు. అయినా సరే, వాళ్లని కూడా పంపిన గుంపులోనే ఉంచి లెక్కపెట్టాలి. లేదంటే మీ నంబర్ సేవ్ చేసుకునేంత అభిమానం ఉన్నవాళ్లని మాత్రమే ఒక పక్కన పెట్టినట్టవుతుంది.

పది రోజుల తర్వాత కోడ్‌తో సంబంధం లేకుండా, ఫోన్ నంబర్లని బట్టి రెండు గుంపుల ఆర్డర్లూ లెక్కపెట్టారు. పంపినవాళ్లలో 54 మంది కొన్నారు, వారిలో 46 మంది `NEMALI10` వాడారు. పంపనివాళ్లలో 30 మంది కొన్నారు. అంటే మెసేజ్ లేకపోయినా ఆరొందలకి ముప్ఫై ఆర్డర్లు వచ్చేవే. మెసేజ్ నిజంగా తెచ్చినవి 24. కూపన్ రిపోర్ట్ చెప్పే 46లో ఇది సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

డబ్బు లెక్క ఇంకా తేటగా ఉంటుంది. పంపిన గుంపులో 54 చీరల మీద ఆరొందల చొప్పున 32,400 మిగలాలి. అందులో 46 మందికి తగ్గించిన 11,040 పోగా 21,360 మిగిలింది. పంపని గుంపులో ముప్ఫై చీరల మీద 18,000 మిగిలింది. ప్రచారం వల్ల చేరింది 3,360 రూపాయలు. నష్టం కాదు, కానీ లక్షా పదివేల అమ్మకం అని కూపన్ రిపోర్ట్ చూపించిన అంకెకీ దీనికీ పోలిక లేదు. తగ్గింపు పది కాకుండా పదిహేను శాతం ఉండి, అమ్మకాలు ఇంతే ఉంటే తగ్గింపే 16,560 అయ్యేది, మిగిలేది 15,840. పంపకుండా ఊరుకున్నదాని కంటే తక్కువ. కోడ్ లేకుండా కొత్త డిజైన్ల ఫోటోలు మాత్రం పంపితే ఎంతొస్తుందో వచ్చే పండక్కి చూడాల్సిన ముచ్చట అది.

చిన్న సంఖ్యలతో తొందరపడి తీర్పులివ్వొద్దు. 54, 30 బదులు 36, 30 వచ్చి ఉంటే ఆ ఆరు తేడా కాకతాళీయం కావచ్చు. ఒక మోటు లెక్క ఉంది. రెండు అంకెల్నీ కూడి వర్గమూలం తీసి, రెండితలు చేయండి. తేడా దానికంటే ఎక్కువైతే నమ్మొచ్చు. 54, 30 కూడితే 84, వర్గమూలం తొమ్మిది పైచిలుకు, రెండితలు పద్దెనిమిది పైచిలుకు. మన తేడా 24, నిలబడింది. 36, 30 అయితే గీత పదహారు దాకా ఉంటుంది, తేడా ఆరు దగ్గరే ఆగుతుంది.

యూట్యూబ్ వీడియోకి ఈ పరీక్ష కుదరదు. సగం మందికి చూపించి సగం మందికి దాచలేం. అక్కడ చేయగలిగింది తేదీల్ని ఎడంగా పెట్టుకోవడం. మూడు ప్రచారాలూ ఒకే వారం పెట్టకుండా, వీడియోని పండక్కి మూడు వారాల ముందు విడిగా వదిలితే, ఆ రోజుల్లో పేరు కొట్టి వచ్చినవాళ్లూ `direct` వాళ్లూ ఎంత పెరిగారో చూసి లింకూ కోడూ పట్టుకోలేని వాటా అంచనా వేయొచ్చు. ఆర్డర్ పూర్తయ్యాక ‘మా గురించి ఎక్కడ తెలిసింది?’ అని ఒక్క ప్రశ్న అడిగితే ఇంకొంత తెలుస్తుంది. జవాబుల జాబితాలో ‘బంధువులు, స్నేహితులు చెప్పారు’ అని తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే వదిన ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లన్నీ వేరే ఖాతాల్లో దూరతాయి.

పండగ అయిపోయాక `RANI10`ని మాత్రం తొలగించకండి. రీల్ నాలుగు రోజుల్లో మరుగున పడుతుంది కానీ యూట్యూబ్ వీడియో ఏళ్ల తరబడి ఉంటుంది. వచ్చే శ్రావణంలో ఎవరో దాన్ని చూసి కోడ్ కొడితే ‘చెల్లదు’ అని రాకూడదు. తగ్గింపుని వంద రూపాయలకి కుదించి, కోడ్‌ని అలాగే బతకనివ్వండి. ఆ వచ్చినవాళ్లని కూడా 15,000 లెక్క రాసుకున్న పేజీలోనే చేర్చుకుంటూ పోవాలి.